లూవేన్ ప్రిన్సిపాలు తెలుగులో మాట్లాడితే



ఆలివర్ గోల్డ్‌స్మిత్ రాసిన ‘ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ నవల 1766లో అచ్చయింది. నూరేళ్ళు దాటాక ఆ కథ మన గోదావరి ఒడ్డుకు చేరింది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు దాన్ని ఆధారం చేసుకుని ‘రాజశేఖర చరిత్రము’ రాశారు. 1878లో ఆయన పత్రిక ‘వివేకవర్ధని’లో వరసగా వచ్చి, 1880లో పుస్తకమైంది. ఇంగ్లీషు పల్లెటూరి పాదిరి కుటుంబం కాస్తా ధవళేశ్వరంలో రాజశేఖరుడి కుటుంబం అయిపోయింది. మనుషులు మారారు, ఊరు మారింది, ఆచారాలూ పేచీలూ అన్నీ మనవే అయ్యాయి. పంతులుగారు ఇంగ్లీషు నవలను పక్కన పెట్టుకుని, మన ఇళ్ళలో జరిగే కథ చెప్పారు.

ఇవాళ నేను చెప్పబోయే పని దానికి పొరుగుదే కాని, నియమం వేరు. అదే ఇంగ్లీషు నవల ఆడియో పుస్తకంగా దొరుకుతోంది. అందులో ఒక పొడుగాటి అధ్యాయం తీసుకుని, తెలుగులో చదివి రికార్డు చేయడానికి స్క్రిప్టు తయారు చేయాలి. ఇక్కడ జార్జి జార్జిగానే ఉండాలి, లండన్ లండన్‌గానే ఉండాలి. వాక్యం మాత్రం తెలుగు గొంతుకు లొంగాలి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ వేగం పెంచాలో, ఏ పేరు ఎలా పలకాలో కాగితం మీదే కనిపించాలి. చదివేవాళ్ళు మైకు ముందు కూర్చున్నాక ఆలోచించుకునే పని మిగలకూడదు.

ముందు హక్కుల సంగతి. మన దేశంలో రచయిత చనిపోయాక అరవై ఏళ్ళ వరకు పుస్తకం మీద హక్కులుంటాయి. గోల్డ్‌స్మిత్ 1774లోనే పోయాడు కనక ఆ బెడద లేదు. లిబ్రివాక్స్ వాళ్ళ దగ్గర స్వచ్ఛందంగా చదివినవాళ్ళ రికార్డింగులు ఉచితంగా ఉన్నాయి. వేరే ప్రచురణకర్తలు అమ్మే రికార్డింగు మీద వాళ్ళ హక్కు విడిగా ఉంటుంది. అందుకని స్క్రిప్టు ఎప్పుడూ అచ్చు పుస్తకం నుంచే తయారు చేయాలి. రికార్డింగు మనకు వినడానికి, అంతే. పెన్సిలు పట్టుకోకుండా అధ్యాయం మొత్తం ఒకసారి వింటే, కథ ఎక్కడ పరుగెత్తుతోందో ఎక్కడ నిలబడుతోందో తెలుస్తుంది.

నేను ఉదాహరణగా తీసుకున్నది ఇరవయ్యో అధ్యాయం. పాదిరిగారి పెద్దకొడుకు జార్జి ఇల్లు వదిలి వెళ్ళి, దేశాలు తిరిగి, చాలాకాలానికి తండ్రికి ఎదురుపడి తన తిరుగుడంతా చెప్పుకుంటాడు. నవలలో బాగా పొడుగైన అధ్యాయాల్లో ఇదొకటి. ఇంగ్లీషులో చదివితే సుమారు అరగంట పడుతుంది. తెలుగులో అంతకంటే ఎక్కువే పడుతుందని ముందే అనుకోవాలి. వంద ఇంగ్లీషు మాటలకు తెలుగులో డెబ్భై, ఎనభై మాటలే వస్తాయి. అయితే ఒక్కో మాట పొడుగు. విభక్తులూ ప్రత్యయాలూ క్రియల చివర్లూ అన్నీ మాటకే అతుక్కుని ఉంటాయి. నింపాదిగా కథ చదివే గొంతు నిమిషానికి వంద తెలుగు మాటల దగ్గర నిలబడుతుంది. అందరి గొంతూ ఒకటి కాదు కనక, చదవబోయే మనిషి చేత ఒక పేజీ పైకి చదివించి గడియారం చూసుకుంటే మిగిలిన లెక్క దానంతట అదే తేలుతుంది. నిడివి ఎక్కువయిందని కథ కొయ్యకూడదు. లండన్ కష్టాలు ఒక భాగంగా, ఓడ ఎక్కిన దగ్గర్నుంచి రెండో భాగంగా విడగొడితే వినేవాళ్ళకు ఊపిరాడుతుంది.

ఇప్పుడు అసలు పని. ఆగే గుర్తులు పెట్టడం చివర్లో చేయాల్సింది. చాలామంది అనువాదం పూర్తిచేసి, దాని మీద గీతలు పెట్టుకుంటూ పోతారు. వాక్యం చెవికి సరిపడకపోతే ఎన్ని గీతలు పెట్టినా బాగుపడదు. ఇది ఎందుకో ఆమ్‌స్టర్‌డామ్ సంగతిలో చూద్దాం. లండన్‌లో ఏ పనీ నిలవక, జార్జి ఒక ఓడ కెప్టెను మాట నమ్మి హాలెండు వెళతాడు. డచ్చివాళ్ళకు ఇంగ్లీషు నేర్పి బతకొచ్చని ఆశ. దిగాక గాని తట్టదు, వాళ్ళకు ఇంగ్లీషు నేర్పాలంటే ముందు తనకు డచ్చి రావాలని. ఇంగ్లీషు వాక్యాల అమరిక వదలకుండా దీన్ని తెలుగు చేస్తే ఇలా వస్తుంది, వినండి.

“ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళే ఓడ కెప్టెను ఇచ్చిన సలహా మీద, డచ్చివాళ్ళకు ఇంగ్లీషు నేర్పి బతకవచ్చనే ఆశతో, ఉన్న సామానులో సగం ప్రయాణానికి ఇచ్చేసి, గాలి అనుకూలించడంతో కొద్దిరోజుల్లోనే ఒడ్డు చేరి, వీధిలో కనిపించిన పెద్దమనుషులను పలకరించబోయిన నాకు, వాళ్ళకు ఇంగ్లీషు నేర్పాలంటే ముందు నేను డచ్చి నేర్చుకోవాలనే సంగతి అప్పుడు తట్టింది.”

వ్యాకరణంలో తప్పు లేదు. అచ్చులో చదువుకుంటే అర్థమవుతుంది కూడా, ఎందుకంటే కన్ను వెనక్కి వెళ్ళి చూసుకోగలదు. చెవికి ఆ సౌకర్యం లేదు. ఇంగ్లీషు వాక్యంలో ఎవరు, ఏం చేశారు అన్నది మొదట్లోనే తెలిసిపోతుంది. తర్వాత ఎన్ని ముక్కలు తగిలించినా వినేవాడు ఒక్కొక్కటీ అందుకుంటాడు. మన వాక్యంలో క్రియ చివరికి వస్తుంది. నేను చదివిన వాక్యంలో ‘నాకు’ అనేమాట ఎక్కడో ముప్పాతిక దూరం వెళ్ళాక వచ్చింది. అప్పటిదాకా ఓడ ఎక్కిందెవరో, సామాను ఇచ్చిందెవరో తెలియకుండానే అన్నీ మోసుకుంటూ రావాలి. చదివే మనిషి ఊపిరి కూడా సరిగ్గా అక్కడే అయిపోతుంది. గొంతు దిగిపోయి, ‘తట్టింది’ అనే ముఖ్యమైన మాట నీరసంగా వస్తుంది.

దాన్నే విడగొట్టి, గుర్తులతో రాస్తే ఇలా ఉంటుంది. ఒక గీత అంటే అర సెకను. రెండు గీతలంటే ఒక సెకను, ఊపిరి పీల్చుకోవడానికి. మూడు గీతలంటే రెండు సెకన్లు, సన్నివేశం మారిందని చెప్పడానికి. ఇంతకు మించి గుర్తులు పెడితే చదివేవాళ్ళ కళ్ళు గుర్తుల మీదే ఉంటాయి.

“ఓడ ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తోంది. / కెప్టెను నాకో సలహా ఇచ్చాడు. / డచ్చివాళ్ళకు ఇంగ్లీషంటే మోజు, నేర్పితే బతికిపోతావు, అన్నాడు. // నమ్మాను, నాన్నగారూ. / ఉన్న సామానులో సగం ఓడ కిరాయికి ఇచ్చేశాను. / గాలి కలిసొచ్చింది. కొద్దిరోజుల్లో ఒడ్డున పడ్డాను. // వీధిలో ఇద్దరు పెద్దమనుషులు ఎదురయ్యారు. పలకరిద్దామని దగ్గరికి వెళ్ళాను. / నోరు తెరిచాను. // అప్పుడు తట్టింది. / వాళ్ళకు ఇంగ్లీషు నేర్పాలంటే, / ముందు నాకు డచ్చి రావాలి. ///”

ఇక్కడ మూడు పనులు జరిగాయి. మొదటిది, ఒక్కో క్రియకు ఒక్కో వాక్యం దొరికింది. రెండోది, ‘నోరు తెరిచాను’ అనే చిన్న వాక్యం కొత్తగా వచ్చి చేరింది. మూలంలో లేని సంఘటనలు కలపకూడదు గాని, పలకరించబోవడమంటే నోరు తెరవడమే కనక ఇది చెల్లుతుంది. దాని తర్వాత ఒక సెకను నిశ్శబ్దం పెడితే, జార్జికి తట్టిన క్షణమే వినేవాళ్ళకూ తడుతుంది. మూడోది, ‘నాన్నగారూ’ అనే పిలుపు. దీనికి కారణం కొంచెం వివరంగా చెప్పాలి.

ఈ నవల మొత్తం పాదిరిగారు తన నోటితో చెప్పే కథ. అంటే అంతటా ‘నేను’ అంటే తండ్రి. ఇరవయ్యో అధ్యాయంలో మాత్రం ఆ ‘నేను’ లోపల కొడుకు ‘నేను’ మొదలవుతుంది. అచ్చులో కొటేషను గుర్తులు కాపలా కాస్తాయి. చెవికి ఆ గుర్తులు వినబడవు. పైగా మన క్రియల్లో ఆడామగా తేడా గాని, వయసు తేడా గాని తెలియని ఒకే రూపం, ‘వెళ్ళాను’, ఇద్దరికీ వస్తుంది. చదివేది ఒకే గొంతయితే, పది నిమిషాలు గడిచాక మధ్యలో వినడం మొదలుపెట్టినవాళ్ళు పాదిరిగారే హాలెండు వెళ్ళారనుకుంటారు. గొంతు మార్చి చదివితే సరిపోతుందని కొందరంటారు. అరగంటసేపు మార్చిన గొంతు నిలవదు, మెల్లగా అసలు గొంతులోకి జారిపోతుంది. అందుకే రెండు నిమిషాలకొకసారి అయినా ‘నాన్నగారూ’ అనే పిలుపు వాక్యంలోనే ఉండాలి. మూలంలో జార్జి తండ్రిని ‘సర్’ అంటాడు. ఆ మాట వచ్చిన చోట్లు ఎటూ ఉన్నాయి, మిగిలిన చోట్ల జాగ్రత్తగా సర్దుకోవచ్చు.

పిలుపులంటే గుర్తొచ్చింది. స్క్రిప్టు మొదలుపెట్టకముందే ఒక విడి కాగితం మీద ఎవరు ఎవరిని ఏమంటారో రాసి పెట్టుకోవాలి. ఇంగ్లీషులో అందరికీ ఒకటే ‘యూ’ సరిపోతుంది. మనకు నువ్వు, మీరు తేల్చుకోకుండా ఒక్క సంభాషణ కూడా కదలదు. జార్జి తండ్రిని మీరు అంటాడు. తండ్రి కొడుకును నువ్వు అంటాడు, ‘అబ్బాయీ’ అని పిలుస్తాడు. లండన్‌లో బడిపంతులు ఉద్యోగం వద్దని భయపెట్టే చుట్టం జార్జిని చనువుగా నువ్వు అంటాడు, జార్జి మాత్రం అతన్ని మీరు అనే అంటాడు. ఇది మధ్యలో మారితే ఇద్దరికీ తగువొచ్చిందని వినేవాళ్ళు అనుకుంటారు. ఇంకో జాగ్రత్త. మన వైపు వాళ్ళు చదువుతుంటే ‘అండీ’, ‘ఆయ్’ వాటంతటవే నోట్లోకి వస్తాయి. కోనసీమ కథ చదివేటప్పుడు ఆ యాస ప్రాణం. ఈ అధ్యాయంలో వచ్చే బెల్జియం విశ్వవిద్యాలయంలో పెద్దాయన ‘ఆయ్’ అంటే కథ చెదిరిపోతుంది. మామూలుగా చదువుకున్న ఇంట్లో మాట్లాడుకునే తెలుగు ఎంచుకుని, చివరిదాకా అదే నిలబెట్టాలి. గ్రాంథికం వాడతామా అనే ప్రశ్న ఇప్పుడు లేదు. 1919లో ఈ రాజమండ్రిలోనే వాడుకభాష కోసం వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పెట్టినప్పుడు, గ్రాంథికంలో అంత రాసిన వీరేశలింగంగారే దానికి అధ్యక్షులయ్యారు.

ఇక లూవేన్ సంగతికి వద్దాం. హాలెండులో దెబ్బతిన్న జార్జికి, లూవేన్ విశ్వవిద్యాలయంలో గ్రీకు తెలిసినవాళ్ళు బాగా తక్కువని ఒకరు చెబుతారు. తనకు గ్రీకు వచ్చు కనక లూవేన్ వెళ్ళి ప్రిన్సిపాలును ఉద్యోగం అడుగుతాడు. ప్రిన్సిపాలు నిబ్బరంగా చెప్పే జవాబు ఈ అధ్యాయానికి తలమానికం. తనకు గ్రీకు రాదు, అది లేదని ఏనాడూ ఇబ్బంది పడలేదు, పట్టా ఉంది, జీతం ఉంది, భోజనానికి లోటు లేదు, కాబట్టి గ్రీకు వల్ల ప్రయోజనం ఉందంటే నమ్మడు. మూలంలో ప్రతి ముక్కా గ్రీకు అనే మాట మీదే వచ్చి వాలుతుంది. చదివేవాళ్ళు ఆ మాటను తాళంలా కొడతారు. తెలుగులో ‘గ్రీకు లేకుండానే’ అని మొదలుపెడితే మాట ముందుకు వచ్చేసి, చివరకు ‘సంపాదిస్తున్నాను’, ‘తింటున్నాను’ మిగులుతాయి. తాళం పోతుంది. ఎంత గట్టిగా ఒత్తి పలికినా తిరిగి రాదు. వాక్యాన్నే మార్చాలి.

మన భాషలో ‘వచ్చు’ అనే క్రియ ఈ పనికోసమే ఉందా అన్నట్టు ఉంది. డబ్బు వస్తుంది, భోజనం వస్తుంది, చదువు వస్తుంది. అందుకని స్క్రిప్టులో ఇలా పెట్టాను.

“చూడు అబ్బాయీ. // పట్టా వచ్చింది, / గ్రీకు రాలేదు. // ఏటా జీతం వస్తోంది, / గ్రీకు రాదు. // వేళకు భోజనం వస్తోంది, / గ్రీకు రాదు. /// మరి ఆ గ్రీకు వచ్చి, / నాకు కొత్తగా ఏం వస్తుంది?”

పక్కన మార్జిన్‌లో ఇలా రాశాను. ‘ప్రిన్సిపాలుకు కోపం లేదు, వెటకారమూ లేదు. లెక్క చెబుతున్నట్టు చదవాలి. మూడోసారి గ్రీకు దగ్గర వేగం తగ్గించాలి.’ మార్జిన్ సూచన ఇలాగే ఉండాలి. ‘హాస్యంగా చదవాలి’ అని రాస్తే గొంతు నవ్వడం మొదలుపెడుతుంది, వినేవాళ్ళు నవ్వడం మానేస్తారు. చదివే మనిషికి పాత్ర మనసులో ఏముందో చెప్పాలి. భావం పేరు చెప్పి ఊరుకుంటే చాలదు.

ఉచ్చారణకు రెండు పట్టికలు పెట్టడం మంచిది. ఒకటి విడిగా, అక్షరక్రమంలో. రెండోది, పేరు మొదటిసారి వచ్చిన పేజీ మార్జిన్‌లో. ఊరి పేరునే చూడండి. ఫ్రెంచివాళ్ళు ఒకలా, అక్కడి డచ్చి మాట్లాడేవాళ్ళు ఇంకోలా, ఇంగ్లీషువాళ్ళు లూవేన్ అనీ పలుకుతారు. కథ చెబుతున్నది ఇంగ్లీషు కుర్రాడు కనక లూవేన్ అని తేల్చి, చివరిదాకా అదే వాడాలి. ఇటలీ రేవుపట్నం లివోర్నో ఈ కథలో లెగ్‌హార్న్‌గానే వస్తుంది, అదీ అదే కారణంతో. ఇందులో ప్రస్తావనకు వచ్చే చిత్రకారుడి పేరు మాత్రం పెరుజీనో. అది మనిషి సొంతపేరు, ఇటలీవాళ్ళు పలికినట్టే పలకాలి.

జార్జి అనే పేరులో చిక్కు మరో రకం. మనం ‘జ’ అని ఒకే అక్షరం రాసి రెండు రకాలుగా పలుకుతాం. జడ, జోడు అనేటప్పుడు నాలుక పళ్ళను తాకుతుంది. జెండా, జీతం అనేటప్పుడు అంగిలిని తాకుతుంది. చాలు, చీర మధ్య కూడా ఇదే తేడా. జార్జి అన్నది జెండాలో జతో పలకాలి. తర్వాత దీర్ఘం ఉండడంతో, తెలియకుండానే జామపండులో జలాగా వచ్చేస్తుంది. కొంతకాలం రాజమండ్రిలో పనిచేసిన సి. పి. బ్రౌన్ 1852లో వచ్చిన తన నిఘంటువులో ఈ దంత్యధ్వనులను విడిగా ౘ, ౙ అని గుర్తుపెట్టాడు. ఆ అక్షరాలు ఇప్పుడు కంప్యూటరులో కూడా ఉన్నాయి. ఉచ్చారణ పట్టికకు ఇంతకంటే అక్కరకొచ్చేవి లేవు. మామూలు జను అలాగే వదిలి, పళ్ళ దగ్గర పలకాల్సిన చోట ౙ రాస్తే చదివేవాళ్ళు ఆగకుండా పోతారు.

పేర్ల చివర హల్లులు ఉంటే ఇంకో తంటా. థార్న్‌హిల్ అనే పేరుకు విభక్తి తగిలిస్తే ‘థార్న్‌హిల్‌కి’ అవుతుంది. రెండు హల్లులు వరసన పడి నాలుక మడతపడుతుంది. తెలుగు మాట అచ్చుతో ముగిస్తేనే హాయి. అందుకే ‘థార్న్‌హిల్లుకి’ అని రాస్తాను, లేదా ‘థార్న్‌హిల్ గారికి’ అంటాను. రెండోది మర్యాదగానూ ఉంటుంది, ఊపిరికీ సులువు. అంకెలు కూడా అక్షరాల్లోనే రాయాలి. జార్జికి అమెరికాలో ఉద్యోగం ఇప్పిస్తానని ఒకడు ఏడాదికి ముప్ఫై పౌన్లు ఆశ చూపిస్తాడు. కాగితం మీద అంకె ఉంటే, చదివే మనిషి ఒక్క క్షణం ఇంగ్లీషులో అనుకుని తర్వాత తెలుగులోకి దిగుతాడు. ఆ తడబాటు రికార్డింగులో స్పష్టంగా వినబడుతుంది.

స్క్రిప్టు సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకునే దారి ఒకటుంది. కథ తెలియని మనిషికి, కాగితం చేతికివ్వకుండా ఒక భాగం చదివి వినిపించి, మళ్ళీ చెప్పమనాలి. మాటలు మరిచిపోతే ఫరవాలేదు. ‘ఎవరు వెళ్ళారు?’ అని అడిగిన ప్రతి చోటా వాక్యం తిరగరాయాలి. స్టూడియోలో ఇంకో ఆనవాలు కనిపిస్తుంది. అనుభవం ఉన్న గొంతు ఒకే వాక్యం దగ్గర పదేపదే తడబడితే, నాలుగో టేకు అడగొద్దు. పెన్సిలు తీసుకుని ఆ వాక్యాన్ని రెండు చేయండి. తప్పు దాదాపు ఎప్పుడూ కాగితం మీదే ఉంటుంది.

చివరగా కాగితం గురించి. అక్షరం పెద్దదిగా, వరసల మధ్య ఎడం ఎక్కువగా ఉండాలి. ప్రతి పేజీ రెండు గీతల దగ్గరో మూడు గీతల దగ్గరో ముగియాలి. వాక్యం సగంలో పేజీ తిప్పితే ఆ చప్పుడు మైకులో పడుతుంది, గొంతూ తెగుతుంది. కింద ఖాళీ మిగిలినా సరే, వాక్యాన్ని తర్వాతి పేజీకి తోసేయాలి. అధ్యాయం పూర్తయ్యాక, ఎవరూ కదలకుండా ఇరవై, ముప్ఫై సెకన్లు గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేయించాలి. తర్వాత ఎడిటింగులో గీతల దగ్గర విరామాలు పెంచాల్సి వస్తే, అతకడానికి ఆ గది నిశ్శబ్దమే కావాలి. వేరే చోటి నిశ్శబ్దం అతికితే చెవి వెంటనే పట్టేస్తుంది.